కంపెనీ స్టేట్‌మెంట్‌కీ మన కొనుగోలు లెడ్జర్‌కీ తేడా వస్తే: క్రెడిట్ నోట్లు, తేదీల తేడాలు విడదీసి బాకీ తేల్చే పద్ధతి

గుంటూరు పురుగుమందుల షాపుల్లో ఏటా ఏప్రిల్ నెలలో ఒకే గొడవ. కంపెనీ డిపో నుంచి స్టేట్‌మెంట్ వస్తుంది, కింద సంతకం పెట్టి పంపమంటారు. వాళ్ల లెక్కలో మన బాకీ ఒకటి, మన టాలీలో ఇంకొకటి. తేడా లక్షల్లో ఉంటుంది. ఓనరు కంగారు పడతాడు, గుమస్తా లెడ్జర్ ముందు కూర్చుని ఆ తేడా అంకె ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెడతాడు. అలా వెతికితే దొరకదు. ఆ తేడా ఒక్క పద్దు వల్ల వచ్చింది కాదు. కొన్ని పద్దులు పెంచినవీ కొన్ని తగ్గించినవీ కలిసి అక్కడ తేలిన అంకె అది.

పురుగుమందుల వ్యాపారాన్ని ఉదాహరణగా ఎంచుకోవడానికి కారణం ఉంది. మిర్చి పంట మీద మందుల అమ్మకం శీతాకాలం దాటేసరికి పడిపోతుంది. అమ్ముడుపోని సరుకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కంపెనీకి తిరిగి వెళుతుంది. టర్నోవర్ డిస్కౌంట్, ధర తేడా, సరుకు వాపసు అన్నీ క్రెడిట్ నోట్ల రూపంలోనే వస్తాయి, అవీ సరిగ్గా లెక్కలు మూసే సమయానికే. ఇక్కడ పద్ధతి పట్టుబడితే హార్డ్‌వేర్ షాపుకైనా, ఆటో విడిభాగాల షాపుకైనా అదే పద్ధతి పనికొస్తుంది.

2025 మార్చి 31 నాటి లెక్క ఒకటి తీసుకుందాం. అంకెలు అర్థం కావడం కోసం నేను వేసుకున్నవి. షాపు గుంటూరులో, కంపెనీ డిపో విజయవాడలో. కంపెనీ స్టేట్‌మెంట్ ప్రకారం షాపు ఇవ్వాల్సింది రూ. 8,36,000. షాపు లెడ్జర్ ప్రకారం రూ. 5,27,300. తేడా రూ. 3,08,700.

మొదట ఓపెనింగ్ చూడండి

స్టేట్‌మెంట్ ఏప్రిల్ 1 నుంచి మొదలవ్వాలి. చాలా డిపోలు అడిగితే ఒక్క చివరి నెలదో, చెల్లించని బిల్లుల జాబితానో పంపిస్తాయి. అది చాలదు. ఏడాది మొత్తం, ఓపెనింగ్ బాకీతో సహా కావాలని గట్టిగా అడగండి. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పండి: మార్చి 31తో ఆపకుండా ఏప్రిల్ ఆఖరు దాకా తీసి పంపమనండి. ఆ అదనపు నెల ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

వచ్చిన వెంటనే ఓపెనింగ్ బాకీ రెండు వైపులా ఒకటేనా చూడండి. కాకపోతే ఈ ఏడాది పద్దుల్లో ఎంత వెతికినా ఆ మేరకు తేడా మిగిలే ఉంటుంది, కాబట్టి పోయిన ఏడాది సరిపోల్చిన కాగితం ముందు తీయాలి. మన ఉదాహరణలో ఓపెనింగ్ సరిపోయింది.

వాళ్ల స్టేట్‌మెంట్‌లో డెబిట్ వైపు ఉన్నది మన లెడ్జర్‌లో క్రెడిట్ వైపు ఉండాలి. వాళ్ల బిల్లు మన కొనుగోలు, వాళ్ల క్రెడిట్ నోట్ మన డెబిట్ నోట్. కొత్తగా చేరిన పిల్లలు తడబడేది ఇక్కడే కాబట్టి స్టేట్‌మెంట్ పైన పెన్సిల్‌తో ఈ మాట రాసి పెట్టండి.

కలిసినవి కొట్టేయండి, మిగిలినవే చూడండి

రెండు లెడ్జర్లనూ ఎక్సెల్‌లోకి తీసుకోండి. కలపాల్సింది తేదీతో కాదు, బిల్లు నంబరుతో, మొత్తంతో. బిల్లు తేదీకీ మనం పద్దు వేసిన తేదీకీ నాలుగైదు రోజులు తేడా ఉండటం మామూలే. టాలీలో కొనుగోలు పద్దు వేసేటప్పుడు `Supplier Invoice No.` గడిలో కంపెనీ బిల్లు నంబరు ఉన్నది ఉన్నట్టు కొట్టే అలవాటు ఉంటే ఈ పని అరగంటలో అయిపోతుంది. ఆ గడి ఖాళీగా వదిలేసిన షాపులో మాత్రం మొత్తాల మీద ఆధారపడాలి, ఒకే మొత్తం ఉన్న బిల్లులు రెండుంటే ఏది ఏదో తెలియదు.

కంపెనీ లెడ్జర్ ఉన్న షీట్‌కి `Company` అని పేరు పెట్టండి. రెండు షీట్లలోనూ బి నిలువు వరసలో బిల్లు నంబరు, డి వరసలో మొత్తం ఉంచి, మన షీట్‌లో ఇలా రాయండి:

```
=COUNTIFS(Company!B:B,B2,Company!D:D,D2)
```

1 వచ్చిన వరసలు కలిసినట్టు. 0 వస్తే అది వాళ్ల దగ్గర లేదు, లేదా మొత్తం వేరుగా ఉంది. 2 వస్తే రెండుసార్లు ఎక్కిందేమో చూడాలి. ఇదే ఫార్ములా అటు షీట్‌లోనూ తిరగేసి రాయాలి, ఎందుకంటే మన దగ్గర లేనివి మన షీట్‌లో కనపడవు. కలిసిన వరసలన్నీ దాచేస్తే మన ఉదాహరణలో మిగిలింది నాలుగు విషయాలే. ఈ ఫార్ములాకి దొరకని ఐదోది చివర్లో చూద్దాం. ఏడాదిలో వందల పద్దులున్నా చివరికి మిగిలేవి సాధారణంగా ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఇక్కడినుంచే అసలు పని. మిగిలిన ప్రతి పద్దుకీ ఒక ప్రశ్న వేయాలి: దీన్ని ఎవరు సరిచేయాలి? మనమా, కంపెనీనా, లేక రోజులు గడిస్తే అదే సర్దుకుంటుందా? మూడో జవాబు చెప్పడం చాలా తేలిక. అందుకే దానికి రుజువు అడగాలి.

డిపో బిల్లు మార్చిలో, సరుకు ఏప్రిల్‌లో

మొదటిది రూ. 1,18,000 బిల్లు. తేదీ మార్చి 29. స్టేట్‌మెంట్‌లో ఉంది, మన లెడ్జర్‌లో లేదు. విజయవాడ నుంచి గుంటూరుకి బండి గంటన్నరలో వస్తుంది, మరి ఇది దారిలో ఉందనడం ఎలా? ఏడాది ఆఖరున టార్గెట్ కోసం డిపోలు ముందు బిల్లు కొట్టి, సరుకు తర్వాత పంపడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. లారీ రసీదు తీసి చూస్తే సరుకు ఏప్రిల్ 2న బయల్దేరింది. ఈ-వే బిల్లులో బండి నంబరు ఎక్కిన తేదీ కూడా అదే.

సరుకు డిపోలోనే ఉండిపోయింది కాబట్టి ఇది మనకు మార్చి కొనుగోలు కాదు. ఏప్రిల్‌లోనే పద్దు వేయాలి. మార్చి ఆఖరి స్టాకులోనూ అది ఉండకూడదు. అదే సరుకు మార్చి 30నే లారీ ఎక్కి, డిపో గుమ్మం దాటినప్పటి నుంచి బాధ్యత మనదేనన్న ఒప్పందం ఉంటే కథ వేరు. అప్పుడు మార్చిలోనే బాకీ చూపించి, సరుకును దారిలో ఉన్న స్టాకుగా రాయాలి. కాబట్టి బిల్లు తేదీ చూసి నిర్ణయించకండి, లారీ రసీదు చూడండి.

జీఎస్‌టీ వైపు ఒక జాగ్రత్త. ఈ బిల్లు మార్చి నెల జీఎస్‌టీఆర్-2బీలో, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్‌లో మనకొచ్చే జాబితాలో, కనిపిస్తుంది. కనిపించింది కదా అని మార్చి రిటర్న్‌లో ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదు. సరుకు చేతికి అందాకే క్రెడిట్ హక్కు వస్తుంది.

చెక్కు

రెండోది మార్చి 29, శనివారం డిపో మనిషికిచ్చిన రూ. 1,50,000 చెక్కు. మన లెడ్జర్‌లో ఉంది, వాళ్ల దాంట్లో లేదు. ఆ ఏడాది 30న ఉగాది, 31న రంజాన్, ఏప్రిల్ 1న బ్యాంకుల ఖాతాల ముగింపు. చెక్కు ఏప్రిల్ 3న మన బ్యాంకులో ఖర్చు పడింది, 4న కంపెనీ స్టేట్‌మెంట్‌లో జమ కనిపించింది. ఏప్రిల్ ఆఖరు దాకా స్టేట్‌మెంట్ అడగమన్నది ఇందుకే. ఫలానా రోజు అటువైపు ఎక్కింది అని వేలు పెట్టి చూపించగలిగితేనే దాన్ని తేదీల తేడా అనాలి. చూపించలేకపోతే ఆ చెక్కు ఎవరి సొరుగులో ఉందో, వేరే డీలరు ఖాతాలో జమయిందేమో కనుక్కోవాలి.

వాపసు సరుకు: ఒక క్రెడిట్ నోట్‌కి మూడు తేదీలు

మూడోదాని దగ్గర ఆగాలి. మార్చి 26న ఎనిమిది కేసుల మందు వాపసు పంపి, టాలీలో రూ. 94,400కి డెబిట్ నోట్ వేశారు. కేసు పది వేలు, పైన 18 శాతం జీఎస్‌టీ. స్టేట్‌మెంట్‌లో మార్చి 31 నాటికి దీని ఊసే లేదు.

గుమస్తా దీన్ని "వాళ్లు ఇంకా వేయలేదు" అని రాసి వదిలేస్తాడు. సగమే నిజం. వాపసు సరుకుకి మూడు తేదీలుంటాయి: మనం పంపిన రోజు, డిపోలో బ్యాచ్ నంబర్లు సరిచూసి ఒప్పుకున్న రోజు, క్రెడిట్ నోట్ మీద ఉండే తేదీ. మనం పంపిన రోజునే మొత్తానికి డెబిట్ నోట్ వేసేస్తాం. వాళ్లు ఒప్పుకున్న మేరకే, ఒప్పుకున్నాకే క్రెడిట్ నోట్ ఇస్తారు. ఏప్రిల్ స్టేట్‌మెంట్ చూస్తే 16వ తేదీన క్రెడిట్ నోట్ ఎక్కింది, కానీ రూ. 82,600కి. ఏడు కేసులకే.

డిపోకి ఫోన్ చేస్తే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "ఒక కేసు బ్యాచ్ మీకు మేం బిల్లు చేసింది కాదండీ. ఎవరి దగ్గరో సర్దుబాటుకి తెచ్చుకుని ఉంటారు." సీజన్‌లో సరుకు దొరక్కపోతే పక్క షాపు నుంచి ఒకటి రెండు కేసులు తెచ్చుకోవడం మామూలే, వాపసు కట్టేటప్పుడు అదీ కలిసిపోతుంది. బ్యాచ్ నంబరు కొనుగోలు బిల్లు మీదే ఉంటుంది. కేసు మీదున్న నంబరు బిల్లుల్లో వెతికితే పది నిమిషాల్లో ఎవరి మాట నిజమో తేలుతుంది. మన బిల్లులో ఆ బ్యాచ్ దొరికితే దాని కాపీ పెట్టి క్రెడిట్ నోట్ అడగాలి. దొరక్కపోతే వాళ్లదే సరైన మాట.

మన ఉదాహరణలో దొరకలేదు. కాబట్టి రూ. 94,400 రెండు ముక్కలవుతుంది. రూ. 82,600 తేదీల తేడా, ఏప్రిల్ 16న తీరిపోయింది. మిగిలిన రూ. 11,800 తేడా తీరేది కాదు, మన డెబిట్ నోట్‌లో ఆ మేరకు తగ్గించాలి. తిరస్కరించిన కేసు వెనక్కి తెప్పించుకుని స్టాకులో చేర్చాలి. లెక్క సరిచేసి కేసు డిపోలోనే వదిలేసే షాపులున్నాయి. పది వేల సరుకు అలాగే పోతుంది.

ఇంకో గడువు గుర్తుంచుకోవాలి. 2024-25లో కొన్న సరుకు మీద జీఎస్‌టీతో కూడిన క్రెడిట్ నోట్‌ను కంపెనీ తన రిటర్న్‌లో చూపించడానికి ఆఖరు తేదీ 2025 నవంబరు 30. వార్షిక రిటర్న్ అంతకుముందే వేసేస్తే ఆ రోజే ఆఖరు. అది దాటితే కంపెనీ జీఎస్‌టీ లేకుండా సరుకు విలువకే క్రెడిట్ నోట్ ఇస్తుంది. అప్పుడు ఆ ఏడు కేసుల మీది జీఎస్‌టీ రూ. 12,600 ఎవరు భరించాలన్న పేచీ మొదలవుతుంది. పాత బిల్లుల సరుకు వాపసు ఉంటే దసరాలోపే వెంటపడండి.

టర్నోవర్ డిస్కౌంట్

నాలుగోది మార్చి 31 తేదీతో రూ. 36,000 క్రెడిట్ నోట్. స్టేట్‌మెంట్‌లో ఉంది, మనకు కాగితం అందలేదు కాబట్టి లెడ్జర్‌లో లేదు. ఇలాంటివి మే నెలలో కూడా వస్తుంటాయి. ఏడాది కొనుగోళ్ల మీద వచ్చిన డిస్కౌంట్ కాబట్టి, లెక్కలు ఇంకా మూయకపోతే మార్చి 31 తేదీతోనే పద్దు వేయాలి.

వేసే ముందు రెండు విషయాలు చూడండి. మొదటిది లెక్క సరైనదేనా అని. స్కీమ్ ప్రకారం 2 శాతం, జీఎస్‌టీ కాకుండా కొనుగోళ్లు 18,00,000, కాబట్టి 36,000 సరిపోయింది. కానీ ఆ 18,00,000లో ఏప్రిల్‌లో ఒప్పుకున్న ఏడు కేసుల వాపసు తీసేశారా? తీయలేదు. నికర కొనుగోళ్ల మీదే డిస్కౌంట్ అని స్కీమ్ కాగితంలో ఉంటే, 70,000 మీద 2 శాతం, అంటే రూ. 1,400 డెబిట్ నోట్ తర్వాత వస్తుంది. వచ్చినప్పుడు అదేంటని ఆశ్చర్యపోకుండా ఇప్పుడే కాగితం మీద రాసి ఉంచుకోండి.

రెండోది క్రెడిట్ నోట్ మీద జీఎస్‌టీ ఉందా అని. ఏడాది ఆఖరి స్కీమ్‌లకి చాలా కంపెనీలు జీఎస్‌టీ లేని క్రెడిట్ నోట్ ఇస్తాయి. దానివల్ల కంపెనీ పన్ను తగ్గదు, మన ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వెనక్కి కట్టక్కర్లేదు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 సెప్టెంబరులో ఇచ్చిన 251వ నంబరు సర్క్యులర్‌లో ఇదే స్పష్టం చేసింది. కాబట్టి 36,000 మొత్తాన్నీ డిస్కౌంట్ ఖాతాకే రాయాలి. అలవాటు కొద్దీ అందులోంచి 18 శాతం విడదీసి పన్ను ఖాతాలో రాస్తే, జీఎస్‌టీఆర్-2బీలో ఎక్కడా లేని పన్ను తగ్గింపు మన పుస్తకాల్లో పుడుతుంది. బాకీ మాత్రం కంపెనీతో సరిపోతుంది, అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు.

టాలీలో ఈ పద్దును ఒక బిల్లుకి కట్టడం కుదరదు. `On Account` అని వదిలేయకుండా `New Ref` ఎంచుకుని కంపెనీ క్రెడిట్ నోట్ నంబరే పేరుగా ఇవ్వండి. వచ్చే ఏడాది వెతికేటప్పుడు ఫార్ములాకి దొరుకుతుంది.

అడ్డం తిరిగిన క్రెడిట్ నోట్

ఐదోది కనిపెట్టడం కష్టం. నవంబరులో ధర తగ్గినందుకు కంపెనీ రూ. 8,850 క్రెడిట్ నోట్ ఇచ్చింది: 7,500, పైన 1,350 జీఎస్‌టీ. కాగితం చూడటానికి బిల్లులాగే ఉంటుంది, అదే లెటర్‌హెడ్, అవే గళ్లు. గుమస్తా `F9` నొక్కి కొనుగోలుగా వేసేశాడు. మన బాకీ 8,850 తగ్గాల్సింది పోయి 8,850 పెరిగింది. తేడా రూ. 17,700.

ఎక్సెల్ దీన్ని పట్టించుకోదు. నంబరు, మొత్తం రెండూ కలిశాయి కాబట్టి 1 చూపించి పోతుంది. మిగతా నాలుగూ వివరించాక కూడా రూ. 17,700 మిగిలిపోయినప్పుడు అనుమానం రావాలి. మిగిలిన అంకెను సగం చేసి, ఆ సగం ఏ పద్దులోనైనా ఉందేమో చూడండి. ఉంటే ఆ పద్దు రెండో వైపు ఎక్కినట్టే. మొదటినుంచే దొరకాలంటే షీట్‌లో డెబిట్లను ప్లస్‌గా, క్రెడిట్లను మైనస్‌గా రాసి, అటువైపు షీట్‌లో గుర్తులు తిప్పి పోల్చాలి.

ఆ కొనుగోలు పద్దు రద్దు చేసి `Alt+F5`తో డెబిట్ నోట్ వేస్తే బాకీ సరిపోతుంది, కానీ పన్ను మిగిలి ఉంటుంది. వెనక్కి ఇవ్వాల్సిన 1,350 ఇవ్వలేదు. పైగా పుస్తకాల ప్రకారం రిటర్న్ వేసి ఉంటే ఇంకో 1,350 అదనంగా తీసుకున్నారు. నవంబరు జీఎస్‌టీఆర్-2బీ, మనం వేసిన 3బీ రిటర్న్ పక్కపక్కన పెట్టి చూస్తే తేలుతుంది. అలా జరిగి ఉంటే రూ. 2,700 రాబోయే రిటర్న్‌లో వెనక్కి వేయాలి, ఆ క్రెడిట్ వాడేసుకుని ఉంటే 18 శాతం వడ్డీ కూడా.

కాగితం మీద పెట్టడం

ఇప్పుడు మన లెడ్జర్ నుంచి కంపెనీ అంకెకి నడిచి చూపించాలి:

- మన లెడ్జర్ బాకీ: 5,27,300
- కలపాలి, ఏప్రిల్‌లో వచ్చిన సరుకు బిల్లు: 1,18,000
- కలపాలి, వాళ్లకి ఇంకా జమ కాని చెక్కు: 1,50,000
- కలపాలి, వాళ్లు మార్చిలో వేయని వాపసు: 94,400
- తీసేయాలి, మనం వేయని టర్నోవర్ డిస్కౌంట్: 36,000
- తీసేయాలి, అడ్డం తిరిగిన క్రెడిట్ నోట్: 17,700
- కంపెనీ స్టేట్‌మెంట్ బాకీ: 8,36,000

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. తేడా వివరించారు గానీ మార్చి 31న నిజంగా ఇవ్వాల్సింది ఎంతో చెప్పలేదు. రెండు అంకెల్లో ఏదీ అది కాదు. మన వైపు సరిచేయాల్సినవి సరిచేస్తే: 5,27,300లోంచి 36,000, 17,700 తీసి, తిరస్కరించిన కేసు 11,800 కలిపితే 4,85,400. అటు నుంచి చూడండి: 8,36,000లోంచి ఏప్రిల్ సరుకు 1,18,000, చెక్కు 1,50,000, ఒప్పుకున్న వాపసు 82,600 తీస్తే 4,85,400. రెండు వైపుల నుంచి విడివిడిగా బయల్దేరి ఒకే అంకె దగ్గర కలిస్తేనే లెక్క తేలినట్టు. బ్యాలెన్స్ షీట్‌లో ఈ కంపెనీ పేరు మీద ఉండాల్సిన అంకె ఇదే.

డిపో పంపిన బాకీ ధృవీకరణ కాగితం మీద 8,36,000కి ఊరికే సంతకం పెట్టకండి. ఆ కాగితం రేపు పేచీ వస్తే మనం ఒప్పుకున్న బాకీగా నిలబడుతుంది. "మా పుస్తకాల ప్రకారం సరిచేసిన బాకీ రూ. 4,85,400, తేడా వివరం జతపరిచాం" అని రాసి, పై లెక్క, లారీ రసీదు కాపీ, చెక్కు ఖర్చు పడిన బ్యాంకు పేజీ, ఏప్రిల్ 16 క్రెడిట్ నోట్ కలిపి పిన్ను చేసి పంపండి. ఒక కాపీ మీద డిపోలో ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. వచ్చే ఏప్రిల్‌లో ఓపెనింగ్ బాకీ సరిపోకపోతే మొదట తీయాల్సిన కాగితం అదే.